ఆరు సెకన్ల మొదలు

దర్శిలో ఫొటో స్టూడియో నడిపే సైమాకి పంతం ఎక్కువ. రైతు సంఘం అధ్యక్షురాలు జయకుమారి మిరప సాగు మీద పన్నెండు వీడియోలు చేయమంటే, మొదటి రెండూ రెండు రకాలుగా మొదలయ్యాయి. ఒకదానికి పాట, ఇంకోదానికి డప్పు. "ఇవి మన సంఘానివని ఎవరికి తెలుస్తుందమ్మా? అన్నీ ఒకేలా ఉండాల" అన్నారు జయకుమారి.

సైమా నాలుగు రోజులు కూర్చుని, అన్ని వీడియోలకీ అచ్చులా పనికొచ్చే టెంప్లేట్ చేసింది. మొదట ఆరు సెకన్లు: ఎర్ర రంగు మీద సంఘం గుర్తు, ఒక చిన్న బాణీ, కింద ఆ వీడియో పేరు రాసుకునే ఖాళీ. చివర ఇరవై సెకన్లు: తర్వాతి వీడియోకి, సబ్‌స్క్రైబ్ బొమ్మకి చోటు. రంగు, అక్షరాలు, బాణీ మారవు. ప్రతిసారీ ఫైలుకి నకలు తీసి పేరు మారిస్తే చాలు. మొదటి రెంటికీ అదే తగిలించి మళ్లీ పెట్టింది, మూడోదీ పెట్టింది. అందంగా ఉంది, ఆ మాట తనే నాలుగుసార్లు అనుకుంది.

తీరా చూస్తే మూడోదాన్ని సగం మంది ఆరో సెకను దగ్గరే వదిలేశారు. "నాలుగోది కూడా ఇట్టాగే అయితే ఆపేద్దాం" అన్నారు జయకుమారి. సైమా చూసేవాళ్లనే అడుగుదామని కూలీల మేస్త్రి రసూల్‌బీ తన ముఠా ఆడవాళ్లతో మిరప కోస్తున్న చేనికి వెళ్లింది.

అక్కడ ఫోను కర్రకి వేలాడుతోంది. దాని వంక ఎవరూ చూడటం లేదు, వింటున్నారంతే. బాణీ మోగింది. రసూల్‌బీ లేచి మోచేత్తో తెరను నెట్టి ఆ వీడియోని దాటించేసింది.

"ఎందుకు ఖాలా?" అని పిన్ని వరసైన ఆమెను అడిగింది సైమా.

"నిన్న విన్నదేగా! మళ్లీ అదే మోగుతుంది."

"పేరు రాసుంది కదా, అది వేరే వీడియో."

"కారం చేతుల్తో ఫోను పట్టుకుని నీ రాతలు చదవమంటావా?"

సైమాకి అప్పుడు అర్థమైంది. ఒకేలా ఉండాలని తను పడ్డ పాటే, కొత్తదాన్ని పాతదిగా చేసింది. పేరు కళ్లకే వదిలేసింది, చెవికి ఒక్క మాటా ఇవ్వలేదు. సిగ్గేసింది.

స్టూడియోకి వెళ్లి టెంప్లేట్ మళ్లీ తెరిచింది. గుర్తు, రంగు ముట్టుకోలేదు. బాణీని రెండు సెకన్లకే తగ్గించి, మిగతా నాలుగు సెకన్లకు గొంతు కోసం ఒక ఖాళీ ట్రాక్ పెట్టి, "ఇవాళ్టి సంగతి ఇక్కడ చెప్పాలి" అని దాని మీద రాసి పెట్టుకుంది. చివరా అంతే, తర్వాతి వీడియో సంగతి నోటితో చెప్పడానికి ఇంకో ట్రాక్. మూడు వీడియోలకీ గొంతు కలిపి మళ్లీ పెట్టింది, నాలుగోది కొత్తగా.

మర్నాడు పొద్దున్నే చేలో నిలబడింది. బాణీ మోగింది. రసూల్‌బీ లేవబోయింది.

"ఇవాళ నల్ల తామర పురుగు సంగతి" అంది ఫోను.

రసూల్‌బీ అక్కడే ఆగిపోయింది. ఆడవాళ్ల మాటలు సద్దుమణిగాయి. సైమాకి సంతోషం పట్టలేక, "ఖాలా, విన్నావా, ఇది కొత్తదని..." అని మొదలెట్టింది.

"నువ్వు మాట్లాడబాక! మందు ఎప్పుడు కొట్టాలో ఫోనులో చెబుతున్నారు" అని రసూల్‌బీ కసిరింది.