కొన్న ధర నోట ఎత్తకూడదు

మిరపకాయల బేరంలో మా మరిది దశరథరామయ్యది రాతిగుండె అని జగ్గయ్యపేట బజారంతా అంటుంది. ధర పడిపోతుందని తెలిస్తే కొన్నదానికి సగానికైనా తెగనమ్మేసి, ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకుంటాడు. అలాంటి మనిషి నందిగామ నూనె మిల్లు పేరెత్తేసరికి పసిపిల్లాడైపోతాడు. ఎందుకలాగో నాకు అంతుబట్టేది కాదు. అంతుబట్టనిదేదైనా నాకు అనుమానమే.

ఆ మిల్లు మా ఆయన పెట్టింది. నందిగామలో తిరుపతిరావుగారని కమ్మవారి రైతు ఉన్నారు, ఆయనా మేమూ చెరిసగం. స్థలం, షెడ్డు ఆయనవి, మిషన్లు మావి. ఆపైన పడే ఖర్చు ఇద్దరూ సమానంగా భరించాలి. మిల్లు మొదలైన ఏడాదే మా ఆయన గుండె ఆగి పోయారు. అప్పుడు మా మరిది గుమ్మం మీద ఆయన పేరు రాయించాడు, వీరరాఘవ ఆయిల్ మిల్లు అని. నీలం రంగు చెక్క మీద తెల్లక్షరాలు. అది చూసి నేనూ ఏడ్చాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నాలుగేళ్లలో ఆ మిల్లు ఒక్క రూపాయి ఇంటికి పంపలేదు. పంపమనే కబురే వచ్చేది. ఇంజను షాఫ్టు విరిగిందని ఓసారి, గానుగ మరలు అరిగాయని ఓసారి, షెడ్డు రేకులు గాలికి లేచాయని ఓసారి. మా వాటాకే ముప్పై వేలు దాటింది. అరవై రెండో సంవత్సరం వేసవిలో మా మరిది నా ఎదుట పీట వేసుకు కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"వదినా, ఇంకొక్క పది వేలు. డీజిలు ఇంజను తీసేసి కరెంటు మోటారు పెడితే మిల్లు గట్టెక్కుతుంది. తిరుపతిరావుగారు కూడా పదివేలు పెడతారట."

"పదివేలు ఎక్కడివి?"

"కొట్టు తాకట్టు పెడదాం. అన్నయ్య సగం నీ పేరునుంది కదా, నువ్వో సంతకం పెట్టాలి."

మా కొట్టంటే బజార్లో రెండు గదులు, వెనక గిడ్డంగి. మా మామగారి నాటిది. నాకు పిల్లల్లేరు, పొలం లేదు. ఆ కొట్లో నా సగమే నా కూడూ గుడ్డా. అదికూడా పోతే తోడికోడలి వంటింట్లో చేయి చాపి బతకాలి. ఆవిడ మంచిదే, కాదనను. అయినా చేయి చాపడం చేయి చాపడమే.

"ఆ తిరుపతిరావు మనల్ని తినేస్తున్నాడేమో చూశావా?" అన్నాను.

మా మరిది తల దించుకున్నాడు. "నాకూ ఆ అనుమానం ఉంది వదినా. అందుకే మానేస్తే కుదరదు. డబ్బు పెట్టనివాడి వాటా పెట్టినవాడికి పోతుందని కాగితంలో రాసుకున్నాం. మనం ఆగితే మిల్లు మొత్తం ఆయన నొక్కేస్తాడు. మన ముప్పై వేలూ గంగలో కలుస్తాయి."

దొంగ అనుకుంటూనే వాడి చేతిలో ఇంకో పదివేలు పెడతానంటాడేమిటి. నాకు ఒళ్లు మండింది. "మిల్లు నా కళ్లతో చూశాకే సంతకం. కబురు చెయ్యకుండా వెళదాం," అన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. చిల్లకల్లు దాటాక కూడా మా మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం ఏమేం అడగాలో మనసులో వరస పేర్చుకున్నాను. దొడ్డి నిండా ఎడ్లుంటాయి, కొత్త మేడ లేచి ఉంటుంది, ఆయన భార్య మెడలో కొత్త గొలుసుంటుంది, ఒక్కొక్కటీ చూపించి నిలదీస్తా అనుకున్నాను.

నందిగామలో దిగి నేరుగా తిరుపతిరావుగారింటికి వెళ్లాం. మేడా లేదు, మిద్దే లేదు. దొడ్డిలో నాలుగు కట్టుగొయ్యలున్నాయి, ఒక్క ఎద్దు లేదు. గడ్డివాము లేదు. బండి మాత్రం కాడి నేలకానించి ఎండకు ఎండుతోంది. నేను మెట్ట దేశంలో పుట్టి పెరిగినదాన్ని. ఎడ్లు అమ్ముకున్న రైతు ఇంట్లో ఎలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

ఆయన భార్య కమలాకుమారి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఎడ్లు ఏవమ్మా?" అని నేనడిగితే మొహం పక్కకు తిప్పుకుంది. "మిల్లుకే పోయాయండీ. పోయినేడు రేకులేయించడానికి జత, మొన్న మరలకి జత. ఇప్పుడు మెట్ట చేను బేరం పెట్టారు."

తిరుపతిరావుగారు లోపల్నుంచి వచ్చి మమ్మల్ని చూసి గతుక్కుమన్నారు. ఆపైన ఆయన మొహంలో కనబడిందేమిటో నేను ఇట్టే పోల్చుకున్నాను. అద్దంలో రోజూ చూసేదే. అనుమానం.

"చెప్పాపెట్టకుండా వచ్చారంటే లెక్కలు తీయడానికే అయ్యుంటుంది," అన్నారు. "తీయండి. నేనూ ఓ మాట అడుగుతా దశరథరామయ్యగారూ. మీరు ప్రతిసారీ అడిగిందే తడవు డబ్బు పంపుతారు, ఒక్కసారైనా ఎందుకని అడగరు. నాకు ఊపిరాడకుండా చేసి, నేను ఓసారి పెట్టలేకపోతే వాటా లాక్కుందామనే కదా?"

మా మరిది నోరు వెళ్లబెట్టాడు. నాకైతే నవ్వొచ్చింది, ఆపైన కోపమొచ్చింది. వాడు నన్ను తోసేస్తాడని వీడు, వీడు నన్ను తోసేస్తాడని వాడు, నాలుగేళ్లుగా ఒకరిని చూసి ఒకరు డబ్బు పోస్తున్నారు. దొంగ ఎవడూ లేడు. దొంగ ఉంటే బాగుండుననిపించింది నాకు. దొంగను పట్టుకుంటే మిల్లు బాగుపడేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరున్నారు?

"పదండి, మిల్లు దగ్గరికి," అన్నాను.

మిల్లులో ఇంజను చల్లగా ఉంది. నూనె మరక మీద దుమ్ము పేరుకుంది. ఎంత తిరిగినా వేరుశనగ నాలుగు నెలలే వస్తుంది, అందులో సగం కంచికచర్ల మిల్లుకే పోతుంది. అక్కడ కరెంటు కాబట్టి ఆడించే కూలి తక్కువ. డీజిలు పోసి ఆడిస్తే ప్రతి బస్తాకీ మన చేతి డబ్బే పడుతుంది. ఇవన్నీ ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లకు తెలియని సంగతి ఒక్కటీ లేదు.

"అందుకే కదా వదినా మోటారు," అన్నాడు మా మరిది.

"సరే. మోటారు పెట్టాక, గింజలు బాగా వచ్చిన ఏడాది ఖర్చులు పోను ఎంత మిగులుతుంది?"

ఇద్దరూ వేళ్లు ముడిచి లెక్కలు కట్టారు. వెయ్యి అని ఒకరు, పన్నెండొందలని ఒకరు.

"ఇద్దరూ కలిపి ఇరవై వేలు పెట్టాలి. తాకట్టు వడ్డీ నూటికి ఏడాదికి పన్నెండు. ఇరవై వేలకి వడ్డీయే రెండువేల నాలుగొందలు. బాగా వచ్చిన ఏడాదికే సగం వడ్డీకి మించి తీరదు. ఇక రాని ఏడాది?"

తిరుపతిరావుగారు గోడకానుకున్నారు. మా మరిది మాత్రం ఊరుకోలేదు. "అలాగని మూసేస్తే పెట్టిన ముప్పై వేలూ పోయినట్టే కదా."

అప్పుడు నాకు మామగారు జ్ఞాపకమొచ్చారు. కొత్త లెక్కలు మొదలెట్టే రోజున మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గిడ్డంగిలో బస్తా బస్తా దగ్గరా ఆగి, ఈ రోజు బజార్లో దీనికెంతొస్తుంది అనే చెప్పుకోవాలి. కొన్న ధర నోట ఎత్తకూడదు. ఎత్తినవాణ్ని, కొడుకైనా సరే, మామగారు వీధిలోకి పంపేసేవారు. "కొన్న ధర నీ మనసులోది, బస్తాలోది కాదు," అనేవారు. ఓసారి మా మరిదే వీధిలో నిలబడ్డాడు. ఇప్పటికీ కొత్త లెక్కల రోజున కొట్లో అదే తంతు.

"దశరథం," అన్నాను, "ఇవాళ కొత్త లెక్కల రోజనుకో. ఇది గిడ్డంగి. ఈ మిషను ముందు నిలబడి చెప్పు."

"వదినా, ఇది మిల్లు, మిరపకాయ బస్తా కాదు."

"నువ్వు ముప్పై వేలు పెట్టలేదనుకో. దారిన పోతూ ఇటొచ్చావు. మిల్లు ఊరికే ఇస్తాం, వీధిలోంచి కరెంటు తెచ్చుకో, ఇరవై వేలు పడుతుంది అన్నారు. తీసుకుంటావా?"

వాడు మిషను చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఇంజను మీద చెయ్యి వేశాడు. బేరంలో ఉన్నప్పటి మొహం అది, నాకు తెలుసు. "ఎవడు తీసుకుంటాడు," అన్నాడు చివరికి, గొణుగుతున్నట్టు.

"ఇంకో పదివేలు పెడితే పన్నెండు వేలొస్తాయంటే ముప్పై పోయినా సరే పెట్టు, నేనే సంతకం పెడతా. రానప్పుడు, ముప్పై పోయాయని పెట్టకూడదు. ఆ ముప్పై ఆగినా రావు, సాగినా రావు. ఇవాళ పోయేది కొట్టు."

తిరుపతిరావుగారు అప్పుడు చెప్పారు. కంచికచర్ల మిల్లాయన మిషన్లకు పన్నెండు వేలిస్తానని రెండు నెలల కిందే అడిగాడట. "మీకు చెప్పలేదు. ఆయన ఇస్తానన్నాడంటే లోపల లాభమేదో ఉండే ఉంటుందనుకున్నా. నేనొదిలేస్తే మీరూ ఆయనా కలిసి తినేస్తారనుకున్నా."

"ఆయనకి కరెంటుంది. వచ్చిన గింజలాడించడానికి మిషను చాలట్లేదు. ఆయనకది లాభమే. అది మన లాభం ఎలా అవుతుంది?"

మా మరిది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. నాకు అప్పుడు తెలిసింది. ముప్పై వేలు కాదు వాడి బాధ. వాడు పైన ఉన్న చెక్కను చూస్తున్నాడు.

"అన్నయ్యను రెండోసారి పంపించినట్టుంటుంది వదినా," అన్నాడు. "నువ్వెలా ఒప్పుకుంటున్నావు?"

ఆ పేరు మీద హక్కు అందరికన్నా నాదే కదా. మూడేళ్లుగా ఆ పేరు చూసే నేనూ ప్రతి కబురుకీ నోరుమూసుకున్నాను.

"మీ అన్నయ్య ఉంటే ఈ ఇంజనును మూడేళ్ల కిందటే అమ్మేసేవాడు. వీధిలో నిలబడే అవసరం ఆయనకెప్పుడూ రాలేదు," అన్నాను. "చెక్క దింపు. అది నాది."

వారం తిరక్కుండా మిషన్లు కంచికచర్ల వెళ్లిపోయాయి. మిషన్లు మావే అయినా మరమ్మతులకి ఇద్దరూ సమానంగా పోశారు కనుక, వచ్చిన పన్నెండు వేలూ చెరిసగం పంచుకున్నారు. తిరుపతిరావుగారు మెట్ట చేను అమ్మలేదు, ఒక జత ఎడ్లు కొన్నారు. మా మరిది మాత్రం ఈనాటికీ బస్సులో కంచికచర్ల మీదుగా వెళితే మెడ సాచి చూస్తాడు. "మన మిషనే వదినా, ఎలా తిరుగుతోందో చూశావా? ఇంకో పదివేలు పెట్టుంటే..." అని మొదలెడతాడు.

"వీధిలోకి పోతావా?" అంటాను.

చెక్కను నేను దేవుడి గదిలో పెట్టలేదు. వానాకాలం మా గిడ్డంగి నేల చెమ్మెక్కుతుంది, అడుగు బస్తా ముక్కిపోతుంది. అందుకని ఆ చెక్కను నేల మీద పరిపించి, దాని మీద బస్తాలు వేయించా. ఆయన పేరు పైకి ఉండేట్టు వేయించా. కొత్త లెక్కల రోజున బస్తాలు కదిపినప్పుడు కనిపిస్తుంది. మా మరిది ఒక్క క్షణం అక్కడ ఆగి, ఆ పక్క బస్తా మీద చెయ్యి వేసి, ఆ రోజు ధర చెబుతాడు.