ఇరవై ఏడు నుంచి సున్నా దాకా

పొద్దున ఆఫీసుకి ముందుగా ఎవరొస్తే వాళ్ళు బకెట్లు పారబోయాలి. కొరియాలో, చున్‌చన్ ఊళ్ళోని ఆ చిన్న యానిమేషన్ స్టూడియోలో అది రూలు. నిరుడు వానాకాలంలో సరస్సు మీంచి ఒక మేఘం కిటికీలోంచి లోపలికొచ్చి, పైకప్పుకి అతుక్కుని ఉండిపోయింది. తలగడంత ఉంటుంది. ఉరిమితే చాలు, ఫైళ్ళ బీరువా వెనక్కి దూరి బొట్లు బొట్లుగా కారుతుంది. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కప్పి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

ఆ వారమంతా బకెట్లు పారబోసింది హ్యోజూయే. ఇంటికెళ్తేగా ఆలస్యంగా రావడానికి!

ఆరేళ్ళుగా ఆమె ఇతరుల కథలు దిద్దుతోంది. తెర మీద ఆమె పేరు ఒక్కసారీ పడలేదు. ఇన్నాళ్ళకి సొంత కథ దొరికింది. దాన్బి అనే వానమేఘం, దానికి ఉరుమంటే భయం. నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి పది ఎపిసోడ్లు, ఒక్కోటి పదకొండు నిమిషాలు. స్క్రిప్టుకి ముందు ట్రీట్‌మెంట్ రాయాలి. కథేమిటో రెండు వాక్యాల్లో, ఆ లోకంలో ఏది కుదురుతుందో ఏది కుదరదో ఒక పేజీలో, ఆపైన ఎపిసోడ్‌కి అరపేజీ చొప్పున పది. అందులో కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఛానల్ తరఫున చూసే కూ గారు ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపింది. శుక్రవారం మూడింటికి మూడోసారి. ఈసారీ కాదంటే కథ స్టూడియోదే కాబట్టి స్టూడియోలోనే ఉంటుంది, ఇంకొకరు రాస్తారు. హ్యోజు మాత్రం ఉండదు.

రెండోసారి తిరిగొచ్చిన కాగితాల మీద కూ గారి రాత చీమల బారులా ఉంది. "మూడో ఎపిసోడ్‌కే భయం పోయింది. మిగతా ఏడింటిలో మేఘం ఏం చేస్తుంది, ఉద్యోగం వెతుక్కుంటుందా? 'ధైర్యం వచ్చింది' అని రాశారు. ధైర్యం ఏ రంగులో ఉంటుందో బొమ్మలేసేవాళ్ళకి చెప్పండి."

"ఆవిడకి పిల్లల్లేరేమో," అంది హ్యోజు.

"ముగ్గురు. అందుకే అడిగింది," అంది సునోక్. సునోక్ ఆ స్టూడియో డైరెక్టరు. యాభై దాటిన మనిషి, పెన్సిల్ ఎప్పుడూ కొప్పులోనే ఉంటుంది. "వాదనలో నువ్వు గెలుస్తావే తల్లీ, ఎప్పుడూ గెలుస్తావు. గెలిచి ఏం చేసుకుంటావు?"

బుధవారం మధ్యాహ్నం సరస్సు అవతల ఆకాశం మెరిసింది. మేఘం గభాలున బీరువా వెనక్కి పోయింది. ఎపిసోడ్‌కొకటిగా గోడకున్న పది అట్టముక్కలకేసి గంట నుంచీ చూస్తున్న హ్యోజుకి విసుగొచ్చింది.

"ఏమిటే నీ గోల? ఎక్కడో మెరిసింది. శబ్దం నడిచి రావద్దూ? కిలోమీటరుకి మూడు సెకన్లు పడుతుంది. కూర్చో, లెక్కపెడదాం."

బీరువా పక్కన నేల మీద చతికిలబడి మళ్ళీ మెరిసేదాకా కాచుకుంది. మెరవగానే లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై నాలుగు దగ్గర ఉరిమింది. తర్వాతిసారి ఇరవై ఒకటి. ఆ తర్వాతిసారి ఆమె అంకె చెప్పినప్పుడల్లా బీరువా వెనక ఒక చుక్క రాలింది. మేఘం కూడా లెక్కపెడుతోంది. ఇరవై దాకా రాలేదు, పద్దెనిమిదికే ఉరిమింది.

హ్యోజు మెల్లగా లేచింది. గోడ దగ్గరికెళ్ళి మొదటి అట్టముక్క మీద ఇరవై ఏడు వేసింది. రెండోదాని మీద ఇరవై నాలుగు, అలా మూడేసి తగ్గిస్తూ పోయింది. పదోదాని మీద సున్నా పడింది.

"అక్కా, భయం పోనక్కర్లేదు. ఉరుము దగ్గరికి రావాలి, అంతే."

సునోక్ కళ్ళజోడు పైకెత్తింది. "ఐదేళ్ళ పిల్లకి ఇరవై ఏడు దాకా వచ్చా?"

"రాదు. మొదట్లో కథలో ఉన్న అవ్వ లెక్కపెడుతుంది, పిల్లలు చివరి మూడూ అందుకుంటారు. ఎపిసోడ్లు గడిచేకొద్దీ అంకె చిన్నదవుతుంది. ఆఖరికి వాళ్ళకి వచ్చినవే మిగుల్తాయి."

"ముప్పైలోపు ఉరిమితే ఇంట్లోకి పోవాలని బళ్ళో నేర్పుతారు. నువ్వేమో పిల్లల్ని బయట నిలబెట్టి లెక్కలు చెప్పిస్తావా? ఛానల్ వాళ్ళు నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతారు."

"బయటెక్కడున్నారు? మెరవగానే ప్రతి ఎపిసోడ్‌లో మొదట చేసే పని అదే, పరుగెత్తుకెళ్ళి తలుపేసుకోవడం. కిటికీ లోపలినుంచే లెక్క. అందరికీ ఒక ఇల్లుంది. మేఘానికే లేదు."

"దీనికుందిగా," సునోక్ పెన్సిల్‌తో బీరువా వైపు చూపించింది.

"ఉంది. అందుకే ఏడాదిగా తలగడంతే ఉంది."

ఆ మాటకి బీరువా వెనక చుక్కలు ఆగిపోయాయి. నోరు జారానని హ్యోజుకి తెలుసు. కానీ అన్న మాట అబద్ధం కాదు, వెనక్కి తీసుకోలేదు. పైగా దాన్నే నాలుగో ఎపిసోడ్‌లో పెట్టేసింది. దాన్బి ఒక ఇంట్లో దాక్కుంటుంది. పరుపులు తడుస్తాయి, ముల్లంగి మడులు ఎండుతాయి.

శుక్రవారం సరిగ్గా మూడింటికి కూ గారు వచ్చింది. మేఘం కిందున్న కుర్చీలోనే కూర్చుని, గొడుగు విప్పి భుజానికి ఆన్చుకుని, కాగితాలు తడవకుండా చదవడం మొదలుపెట్టింది. పెదవి కదల్లేదు. ఏడు పేజీలు.

"పదో ఎపిసోడ్‌లో సున్నా అన్నారు. అంటే నెత్తిమీదేనా?"

"నెత్తిమీద కాదండీ, కడుపులో. అప్పటికి దాన్బి పెద్దదవుతుంది. ఆ ఉరుము దానిదే."

"అయితే ధైర్యం వచ్చినట్టేగా?"

"రాదు. అప్పుడూ వణుకుతుంది. కానీ మొదటి ఎపిసోడ్‌లో ఇరవై ఏడు అంకెలూ కళ్ళు మూసుకునే ఉంటుంది. ఒక్కో ఎపిసోడ్‌కి రెప్ప కొంచెం కొంచెం లేస్తుంది. పదోదాంట్లో కళ్ళు తెరిచి ఉరుముతుంది. మీరు రంగడిగారు. రంగు లేదండీ, రెప్పలున్నాయి."

కూ గారు ఏదో అనబోయింది. కిటికీలో తెల్లగా మెరిసింది. ఆవిడ నోరు అలాగే తెరుచుకుని ఉంది, అందులోంచి మాట బదులు "ఒకటి" అని వచ్చింది. తర్వాత "రెండు." వేళ్ళు గొడుగు కర్ర మీద తాళం వేస్తున్నాయి. గొడుగు మీద అంకెకొక చుక్క పడుతోంది. ఐదు దగ్గర మేఘం పైకప్పు వదిలింది. గది మధ్యకొచ్చి, బీరువా వైపు కాకుండా కిటికీ వైపు తిరిగింది. వణుకుతోంది, అంచుల్లో తెలుస్తోంది. హ్యోజు వెళ్ళి కిటికీ తెరిచింది.

తొమ్మిది దగ్గర ఉరిమింది. అప్పటికి మేఘం బయటుంది.

కూ గారు గొడుగు దులిపి ముడిచింది. "ఆరో ఎపిసోడ్‌లో ఆ తాత ఎందుకు? ఊరికే సలహాలిస్తున్నాడు. తీసేయండి. రెండో ఎపిసోడ్ సాగింది."

"తీసేస్తాను," అంది హ్యోజు. వాదించలేదు. అవతల సునోక్ దగ్గినట్టు నటించింది.

"మావాళ్ళకి ఇది చదివి వినిపించను. లైట్లార్పి లెక్కపెట్టిస్తాను." ఆవిడ సంచీలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పొడి చోటు వెతికి పరిచింది. "ఇది తీసుకుంటున్నాం. స్క్రిప్టులు కూడా మీరే రాయండి."

హ్యోజు గోడకి ఆనుకుంది. తెరిచిన కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఎవరూ మూయడానికి లేవలేదు. సరస్సు మీద ఆకాశం ఒకచోట నల్లగా, లావుగా, అంతస్తు మీద అంతస్తుగా లేస్తోంది.

"రచయిత పేరు తెర మీద ఎలా వేయాలి?" కూ గారు కలం పట్టుకుని అడిగింది.

హ్యోజు చెప్పింది. అప్పుడే వెలుగూ శబ్దమూ ఒక్కసారే పడ్డాయి, మధ్యలో ఒక్క అంకెకి కూడా చోటు లేకుండా. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. సునోక్ కొప్పులో పెన్సిల్ జారి కింద పడింది.

కూ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

హ్యోజు కిటికీకేసి ఒకసారి చూసి, ఇటు తిరిగి, తన పేరు మళ్ళీ చెప్పింది. ఈసారి గట్టిగా.