ఐదు లెక్కపెట్టండి

టర్మ్ రిపోర్టులు రాసే వారం నాకు మా ఇంట్లో వాళ్ల మీద కూడా కోపం వస్తుంది. పిల్లలకి మాటలు నేర్పడం ఒక ఎత్తు, నేర్పింది పెద్దవాళ్లకి అర్థమయ్యేలా రాయడం ఒక ఎత్తు.

ఈసారి నా తల ప్రాణం తోకకి తెచ్చింది పిచ్చుక రిపోర్టు. పిచ్చుక అని పేరు పెట్టింది వాళ్ల నానమ్మ. అయిదేళ్లది. వినికిడి బాగుంది, చెప్పిందంతా అర్థమవుతుంది, మాటలే ఆలస్యం. పోయిన రిపోర్టులో ఈ టర్మ్‌కని నేను పెట్టిన లక్ష్యం ఒకటే: కావలసింది ఎవరూ చెప్పించకుండా, తనంతట తనే రెండు మాటల్లో అడగాలి, పదిసార్లలో ఎనిమిదిసార్లు. నా స్పీచ్ థెరపీ గదిలో ఎనిమిది వచ్చాయి. బళ్లో టీచరుగారి లెక్క సున్నా. ఇంటి సాధన కాగితంలో రోజూ పదికి పది టిక్కులు, డెబ్భై రోజులూ ఒకటే నీలం పెన్ను. ఇందులో ఎవరిది నిజం?

తేల్చుకోకపోతే కుదరదు. పిల్ల నోరు తెరిచి అడగడం లేదు కాబట్టి వచ్చే ఏడాది కూడా ఇదే క్లాసులో ఉంచేస్తామని టీచరుగారు ఫైల్లో రాయబోతున్నారు. నా రిపోర్టు చూశాకే రాయమని బతిమాలి, పిచ్చుకనీ, వాళ్ల అమ్మనీ, నానమ్మనీ బళ్లో స్టాఫ్ రూముకి పిలిపించాను.

టీచరుగారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నారు. ముప్ఫైమంది పిల్లల్లో ఈ పిల్ల ఎప్పుడు నోరు విప్పుతుందా అని కూర్చోవడం తన వల్ల కాదన్నారు. అమ్మ ఏమో, తను ఆఫీసు నుంచి వచ్చేసరికి సాధన అయిపోతుందనీ, అత్తయ్య చెప్పిందాన్ని బట్టి టిక్కులు పెట్టాననీ ఒప్పేసుకుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఈ నానమ్మ అడక్కముందే పెడుతుందని నాకు మొదటి నుంచీ అనుమానం. ఇంట్లో ఎలా చేస్తారో ఒక్కసారి చేసి చూపించమన్నాను.

నానమ్మ సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసింది. ఒకటి పిల్లకి కనిపించేలా పట్టుకుని, కళ్లలోకి చూసి, గట్టిగా మొదలుపెట్టింది: "ఒకటి, రెండు, మూడు..."

పిచ్చుక బుద్ధిగా నిలబడింది. ఐదు అనగానే చెయ్యి చాపి, బిస్కెట్ తీసుకుని, తినేసింది. ఒక్క మాట లేదు.

"చూశారా?" అంది నానమ్మ. "ఒక్కరోజు కూడా తప్పలేదు మేడం. లెక్క పెట్టినప్పుడల్లా టిక్కు పెట్టించాను."

నాకు ఒళ్లు మండిపోయింది. డెబ్భై రోజులు! ఆ లెక్క ఎందుకో తెలుసా అని అడగబోయి, నేను రాసిన పాత రిపోర్టు తిరగేశాను. ఇంటి సలహాల కింద నా దస్తూరీలోనే ఉంది: 'వస్తువు ఇచ్చేముందు ఐదు లెక్కపెట్టండి.' మనసులో అని లేదు. ఆ అయిదు క్షణాలూ పిల్ల మాట కోసం ఎదురుచూడాలని లేదు. అప్పటికీ అడగకపోతే ఆ రెండు మాటలూ మనం ఒకసారి చెప్పి, ఇచ్చేయాలని లేదు. కాగితంలో పిల్ల ఏమందో రాసే గడి కూడా లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో దోసెడు నాదే. సిగ్గేసింది.

ఆ మాట అందరి ముందూ ఒప్పుకుని, ఈసారి లోపల లెక్కపెట్టమని నానమ్మకి చెప్పాను. పెదవులు కదపకూడదు, చెప్పు చెప్పు అని పొడవకూడదు, ఊరికే చూడాలి. టీచరుగారు గడియారం వైపు చూసి, ఇంకొక్కసారే అన్నారు.

నానమ్మ రెండో బిస్కెట్ పట్టుకుని మూతి బిగించింది. పిచ్చుక ఎదురుచూసింది. ఐదు క్షణాలు దాటాయి. అమ్మ నోరు తెరవబోతే మోచెయ్యి పట్టుకుని ఆపాను. పిల్ల బిస్కెట్‌ని చూసింది, నానమ్మ మూతిని చూసింది. దాని నొసలు ముడిపడింది.

"నానమ్మా, లెక్క పెట్టవా?"

ఎవరూ చెప్పించలేదు. మూడు మాటలు, అందులోనూ ప్రశ్న. నా గదిలో ఈ టర్మంతా ఒక్క ప్రశ్న అడగలేదది. నానమ్మ బిస్కెట్ ఇచ్చేసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మ అయితే ఏడ్చేసింది.

టీచరుగారు పెన్నుకి మూత పెట్టారు. ఇంకో టర్మ్ చూసి అప్పుడు రాస్తానన్నారు. క్లాసులో కూడా ఐదు క్షణాలు ఆగాలా అని అడిగారు, కాస్త విసుగ్గానే. ఆగాలన్నాను.

కొత్త రిపోర్టు అక్కడే కూర్చుని రాశాను. 'మనసులో' అన్న మాట కింద రెండు గీతలు గీశాను. సంతకం పెట్టి తలెత్తేసరికి నానమ్మ ఇంకా మూతి బిగించుకునే ఉంది.

"మేడం," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "నేనిక మాట్లాడొచ్చా?"