బయోడేటాలో లేని మాట

బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న శివరాం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ధర్మి పొద్దుటి నుంచీ కాగితాలు పాడుచేస్తోంది. వర్ని రోడ్డు రైసుమిల్లులో టైపు వచ్చిన గుమాస్తా కావాలట. పేరు, తండా, పదో తరగతి, ఎనభై మూడులో టైపు లోయర్ పాసు. అక్కడిదాకా వేళ్లు పరిగెడుతున్నాయి, ఆ తర్వాతి లైను దగ్గర మొరాయిస్తున్నాయి.

ధర్మికి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు మొదలుపెట్టాక రెండేళ్లుగా రాలేదు గానీ, ఇక రావని నిజామాబాద్ డాక్టరు మాటివ్వలేదు. బడిలో పడిపోయినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. లేచాక ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"రాయకపోతే మోసం చేసినట్టు గాదా సార్?"

"వాళ్లు అడిగిండ్రా? అడగలేదు. గీ కాగితం మీద రాస్తే నీ మొఖం జూడకముందే పక్కకేస్తరు," అన్నాడు శివరాం. "దాచుమంటలేను. పిలిచినంక, పని ఏందో అర్థం జేసుకొని, అవసరమైతే నోటితోని చెప్పు."

చెప్పడం ఆయనకు సులువే, పోయేది ఆయన ఉద్యోగం కాదు కదా! ధర్మి ఆ లైను టైపు కొట్టింది, కాగితం లాగేసింది, మళ్లీ ఎక్కించింది. చివరికి ఆ లైను లేకుండానే పంపింది. వారానికి మిల్లు నుంచి పిలుపొచ్చింది.

మిల్లు యజమాని వెంకట్రాములు కాగితం చూసి తలూపాడు. "ఆఫీసు పని తక్కువనే. సీజన్ల బెల్టు పక్కన నిలబడి బస్తాలు రాసుకోవాలె, ఇగ."

గోడ అవతల బెల్టు గిర్రున తిరుగుతోంది. సరేనంటే ఉద్యోగం వస్తుంది. పడితే ప్రాణం పోతుంది.

"ఆడ నిలబడలేను సేటు. నాకు ఫిట్స్ ఉన్నయి. మందు ఏసుకుంటున్న, రెండేండ్ల సంది రాలే. కుర్చీల కూసొని చేసే పని ఏదైనా చేస్త."

ఆయన కాగితాన్ని తిప్పి చూశాడు. "ఇందుల రాయలేదేంది?"

"రాస్తే పిలిచెటోళ్లేనా?"

వెంకట్రాములు గడ్డం గోక్కున్నాడు. "పిలిచెటోన్ని కాదు," అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూనే. "సరే, బస్తాల కాడికి ఈడ పనిచేసే లింగాన్ని పంపుత. నువ్వు ఈడ టైపు మిషను మీద కూసో. చెయ్యెట్లుందో జూస్త."

ఉద్యోగం వచ్చినట్టే. ఎగిరి గంతేయాల్సిన చోట, రాస్తే పిలిచేవాడే కాదన్న మాటకు ధర్మికి కోపం ముంచుకొచ్చింది. కుర్చీలో కూర్చుంది గానీ ఊరుకోలేకపోయింది.

"నాలెక్క గాక, ఉన్నది ఉన్నట్టు రాసినోళ్లు ఎవలన్న ఉన్నరా సేటు?"

"ఒకడున్నడు. కాలు సరిగ లేదని రాసిండు."

"పిలిచిండ్రా?"

వెంకట్రాములు లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ధర్మి మిషనులోకి తెల్ల కాగితం ఎక్కించి, "ఆయన పేరు చెప్పుండ్రి సేటు, రమ్మని కాగితం కొడుత," అంది.