బుగ్గ ఫొటో, ధర కింద మాయమైన వాక్యం

పాపాయి నోట్లో ముద్ద పెడుతుండగా ఫోన్ టింగుమంది. తల్లి ఎడమచేత్తో తెరిచి చూసింది. పిల్లల లోషన్ కంపెనీ నుంచి జవాబు. మొదటి మాటే "సరే" అని ఉంది. అంత పెద్ద కంపెనీ బేరమైనా ఆడకుండా సరే అనడమేమిటి? పాపాయి అరిచేదాకా ముద్ద గాల్లోనే ఉండిపోయింది.

చదువు మధ్యలో ఆగిపోయినా, పిల్లల పెంపకం మీద ఆమె పెట్టే పోస్టులు చాలామంది తల్లులు చూస్తారు. వేలితో పక్కకు జరుపుతూ చూసే బొమ్మల వరస, దాన్నే కారసెల్ అంటారు, ఆమెకు బాగా చేతనవును. అలాంటివి ఐదు చేసి పెడతానని ఆ కంపెనీకి తనే మెయిల్ రాసింది. నమూనాగా ఒకదాని వరస కూడా పెట్టింది:

"మొదటి స్లైడు: పాపాయి బుగ్గ, దగ్గరగా. 'స్నానం అయింది. ఇప్పుడేం చేస్తున్నారు?'
రెండు: నేను చేసిన తప్పు, ఒళ్ళంతా రుద్ది రుద్ది తుడవడం.
మూడు: రుద్దకండి, తువాలుతో అద్దండి.
నాలుగు: తడి పూర్తిగా ఆరకముందే లోషన్. మీ సీసా మొదటిసారి ఇక్కడే కనిపిస్తుంది.
ఐదు: మెడ మడతలు, మోకాళ్ళ వెనక.
ఆరు: ఎర్రబడితే ఆపేసి డాక్టరుకి చూపించండి.
ఏడు: దాచుకోండి, ఇంకో తల్లికి పంపండి.
ఇది డబ్బు తీసుకుని చేసిన పోస్టని పైనే రాస్తాను."

దాని కింద ధర ఎలా వేసిందో చెప్పింది. రాయడానికి, ఫొటోలకు, బొమ్మలు పేర్చడానికి పట్టే పనిని బట్టి ఒక్కో కారసెల్‌కు ఇంత. ఐదూ కలిపి తీసుకుంటే పదో వంతు తగ్గింపు. రెండుసార్లు మార్పులు ఉచితం. సిరీస్ నడిచేటంత కాలం ఇంకో లోషన్ జోలికి పోనందుకు కొంత అదనం. ఆ తర్వాత మరో వాక్యం ఉండేది: 'ఈ ఫొటోలను మీ ప్రకటనల్లో వాడుకుంటే నెలకు ఇంత, అదీ మీ పేజీలో మాత్రమే.'

మెయిల్ పంపేముందు వదినకు చూపించింది. ఫ్లెక్సీలు ముద్రించే షాపులో పనిచేసే ఆడపడుచు ఆవిడ. "ధర కింద ఇంత పురాణమేంటే? పెళ్ళిచూపుల్లోనే కాపురం లెక్కలు చెప్తే పెళ్ళికొడుకు పారిపోడూ?" అని నవ్వింది. నిజంగానే పారిపోతారేమోనని బెదిరి, ఆ వాక్యం తీసేసి 'ఫొటోల వాడకం కూడా ధరలోనే' అని తీపిగా రాసేసింది.

ఇప్పుడు జవాబు మిగతాది చదివింది. "మీరు రాసినట్టే వాడకం ధరలోనే ఉంది కనుక, పాప ఫొటోలను కాలపరిమితి లేకుండా అన్నిచోట్లా వాడుకుంటాం. ఒప్పందం జతచేశాం, సంతకం చేసి పంపండి."

వదినకు ఫోన్ చేసింది.

"కాలపరిమితి లేకుండా అంటే ఎన్నాళ్ళు వదినా?"

అవతల ముద్రణ యంత్రం రొద. "ఓ బిస్కెట్ల ప్రకటనలోని పాప బొమ్మ మా దగ్గర ఇప్పటికీ గోడంత సైజులో వేస్తున్నాం. మొన్న ఆ పిల్లే షాపుకొచ్చింది, కాలేజీ ప్రాజెక్టు ముద్రించుకోవడానికి. తన బొమ్మ చూసి మొహం దాచుకుంది. అయ్యో, నా నోరు పడిపోను! నేనే తీయించానే ఆ వాక్యం."

"ఇప్పుడేం చెయ్యను? మాట ఇచ్చేశానుగా?"

"సంతకం పెట్టావా?"

"లేదు."

"అయితే ఇంకా పీటల మీద కూర్చోలేదు. లే!"

వెంటనే ఆ కంపెనీ బ్రాండ్ మేనేజరుకు ఫోన్ చేసింది. "పొరపాటు నాదేనండి. వాడకానికి విడిగా నెల లెక్క ఉండాలి. పాప మొహం వద్దు, చేతులూ పాదాలూ చూపిస్తాను."

"మా ప్రచారం మొత్తం ఆ బుగ్గ చుట్టూనే అనుకున్నాం మేడం," అన్నాడు ఆయన మర్యాదగానే. "మొహం లేకపోతే సిరీస్ లేదు. కావాలంటే ధర రెట్టింపు చేస్తాం."

రెట్టింపు! ఇంటద్దె, పాపాయి టీకాలు, భర్త పాత బండి అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఎదురుగా పాపాయి మూతినిండా అన్నం పూసుకుని పళ్ళులేని నోటితో నవ్వుతోంది. ఆ మొహం గోడంత అయింది. ఎండకు వెలిసింది. ఎవరో దాని మీద కరపత్రం అంటించారు.

"వద్దండి."

ఆ మాట అన్నది తనేనా అని ఉలిక్కిపడింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

సాయంత్రం వదిన చేతులకు రంగు మరకలతోనే వచ్చి పాపాయిని ఎత్తుకుంది. "ఏమన్నారే?"

"పోయింది వదినా."

ఆవిడ పాపాయి బుగ్గ మీది మెతుకు తీసి తన నోట్లో వేసుకుంది.

"ఇంకో కంపెనీకి రాయి. ధర కింద పురాణం మొత్తం రాయి. ఈసారి మాత్రం నాకు చూపించకు."