వెన్ను నీటిలో చక్కెర

నేను నడుం వాల్చి ముప్పై గంటలైంది. ఇప్పుడు ఇంకొకరి నడుం వంచాలి. మంచం మీద ఉన్నావిడకు మధుమేహం పాతది. జ్వరం, తలనొప్పి, బిగుసుకున్న మెడ మాత్రం రెండు రోజులవి. మెదడు పొరల వాపేమోనని అనుమానం. తేలాలంటే వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాలి. కంటి లోపలా, కాళ్లూ చేతులూ చూశాను. సూది వేయడానికి అడ్డేమీ కనబడలేదు.

"వెన్నులో గుచ్చితే కాళ్లు పడిపోతాయంటారే, డాక్టరుగారూ?" అన్నాడు భర్త. ఆయన టైలరు.

"వెన్నుపాము పైనే ఆగిపోతుందండీ. మేం గుచ్చేది దాని తోక దాటాక."

"అయితే పాముని లేపకుండా పుట్టకి చిల్లన్నమాట."

"అంతే. మీది కుట్టే సూది, మాది గుచ్చే సూది."

ఆవిడను పక్కకు తిప్పి, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడిచి సిస్టరమ్మ పట్టుకుంది. తుంటి ఎముకల ఎత్తున వేలితో కొలిచి, మత్తు మందిచ్చి, రెండు పూసల నడుమ సూది దించాను. నీటి పీడనం కాస్త ఎక్కువే ఉంది. చుక్క చుక్కగా మూడు గొట్టాలు నిండాయి. స్వచ్ఛమైన నీరు కాదు, లేత మసక. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించాను.

రెండు గంటల్లో ల్యాబు నుంచి కాగితం వచ్చింది. తెల్లకణాలు నాలుగొందలు, వాటిలో సగానికి పైగా లింఫోసైట్లు, వైరస్ జబ్బుల్లో ఎక్కువగా కనబడే రకం. ప్రోటీన్ ఎక్కువ. రంగు వేసి చూస్తే బాక్టీరియా కనబడలేదు. చక్కెర డెబ్బై ఎనిమిది. బాక్టీరియా అయితే చక్కెర పడిపోవాలి కదా, ఇది బాగానే ఉందే! కన్ను మూతపడుతుండగానే కలం తెరిచి, "వైరల్. యాంటీబయాటిక్ ఆపండి" అని రాశాను. రెండ్రోజుల్లో ఇంటికి పంపిస్తానని టైలరుకు మాటిచ్చాను కూడా.

సిస్టరమ్మ నేను రాసినట్టు మందు ఆపలేదు. "డాక్టరుగారూ, డెబ్బై ఎనిమిది దేంతో పోల్చారు?"

"దేంతోనూ పోల్చలేదు."

"గుచ్చే ముందు వేలి నుంచి తీసి చూశాను. రక్తంలో రెండొందల తొంభై."

నిద్ర ఎగిరిపోయింది. వెన్ను నీటిలో చక్కెర రక్తంలోదానిలో సగానికి పైనే ఉండాలి. ఇక్కడ మూడోవంతు కూడా లేదు. విడిగా చూస్తే మామూలు, పక్కన పెడితే పాతాళం. రాసింది కొట్టేసి, మందు కొనసాగించమని, ఇంకొకటి కలపమని రాశాను.

ఇక టైలరు దగ్గరికి వెళ్లాలి. అదే అసలు బరువు.

"నేను తప్పు చదివానండీ. ఇది బాక్టీరియాయే కావచ్చు. వారాల పాటు ఇక్కడే ఉండాలి."

"అంగుళం తప్పితే మేమైతే కుట్టు విప్పి మళ్లీ కుడతాం. మీరు విప్పారా?"

"విప్పాను."

"అయితే కానివ్వండి."

మర్నాడు మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోను: వెన్ను నీరు పోసిన పళ్లెంలో బాక్టీరియా పెరిగిందట. మేమిస్తున్న మందు దానికి పనిచేసేదే. నాలుగో రోజు ఆవిడ జ్వరపు మగత వదిలి కళ్లు తెరిచి మొగుణ్ణి నిలదీసింది. "కొట్టు ఎవరికప్పజెప్పొచ్చావు?"

ఆయన గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నేను జ్వరం చార్టు చదువుతున్నట్టు నిలబడ్డాను.