ఆరో గ్రూపు

బీఎడ్‌లో పాఠం చెప్పడం తేలిక, దాని రికార్డు రాయడమే కష్టం. ఇది నా చివరి ప్రాక్టీస్ పాఠం. పాఠం చూడ్డానికి కాలేజీ నుంచి వచ్చే రాజశ్రీ మేడం సంతకం పెట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

పాఠం సంభావ్యత. తార్నాక బడిలో తొమ్మిదో తరగతి. పిల్లలు పాచిక అరవై సార్లు, నాణెం నలభై సార్లు వేయాలి. ముందు అంచనా, తర్వాత ఫలితం, చివర్లో తేడాకు కారణం రాయాలి. ఇంత మంచి పాఠం తయారుచేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రికార్డు మాత్రం ముందు రోజే ఇవ్వాలి. ఫలితాల గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోరని హాస్టల్లో సీనియర్ బిక్షపతి భయపెట్టాడు. ఇంకేముంది, పాచికలో ఒక్కో అంకె పదేసి సార్లు, బొమ్మ ఇరవై, బొరుసు ఇరవై అని రాసేశాను. కారణం గడిలో 'తేడా లేదు' అన్నాను. చేతిరాత కూడా ముచ్చటగా కుదిరింది.

మర్నాడు క్లాసులో ఐదు గ్రూపులు పాచికలు, నాణేలు వేశాయి. స్వరూప గ్రూపుకు ఆరు అంకె పదిహేను సార్లు పడింది, ఒకటి అంకె ఏడు సార్లే. తప్పు చేశామేమోనని ఆ పిల్ల రబ్బరు తీసింది. నాకు కోపం వచ్చింది. పడింది పడినట్టే రాయాలని, చెరపడమంటే అబద్ధమాడటమేనని గట్టిగా చెప్పాను.

అందరివీ కలిపితే మూడు వందల సార్లలో ఆరు అంకె యాభై ఐదు సార్లు పడింది, యాభై అన్న అంచనాకు దగ్గరైందన్నాను. అక్కడా ఐదే ఎక్కువ, ఇక్కడా ఐదే ఎక్కువ, మరి దగ్గరైందేమిటని స్వరూప అడిగింది. అరవైలో ఐదు పెద్ద వాటా, మూడు వందల్లో చిన్నదని చెప్పాను. వేసేకొద్దీ వాటా ఆరో వంతుకు దగ్గరవుతుందన్నాను. అప్పటిదాకా నేను రాజునే.

వెనక బెంచీలోంచి మేడం లేచారు. ఆరో గ్రూపు ఒకటుందంటూ నా రికార్డు చదివారు. ఇలా పడవచ్చా అని అడిగారు.

"పడొచ్చు మేడం," అంది స్వరూప. "కని పాచికల అన్నీ పదేసి, కాయిన్ల గూడ ఇరవై ఇరవయ్యేనా? గాళ్లు ఎయ్యనే లేదు."

క్లాసంతా నవ్వింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మేడం నా వైపే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, రబ్బరు తీసిన పిల్లనే తిట్టానే అనిపించింది.

"ఆ గ్రూపు నేనే," అన్నాను.

స్వరూప పాచిక తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎయ్యుండ్రి సర్. మేం రాస్తం."

నలభై మంది సాక్షుల ముందు పాచిక అరవై సార్లు, నాణెం నలభై సార్లు వేశాను. పాచికలో మూడు అంకె ఐదు సార్లే పడింది, రెండు అంకె మాత్రం పదమూడు. మేడం పాత అంకెలు కొట్టేయించి, పక్కన కొత్తవి రాయించారు. తేడాకు కారణం కూడా రాయమంటే 'తేడా లేదు' అన్నది కొట్టేశాను.

స్వరూపే చెప్పింది. "ఈసారి సర్ నిజంగ ఏసిండు."

మేడం అదే రాయించి, కింద సంతకం పెట్టారు.